చివరి మాట మీదే ఉండాలంటే: ప్రసంగంలో ప్రశ్నోత్తరాలకు ముందస్తు ఏర్పాటు

కొన్నేళ్ల కిందట ఒక సమావేశంలో నలభై నిమిషాలు మాట్లాడాను. ప్రసంగం బాగానే సాగింది. ముగింపు వాక్యం దగ్గర చప్పట్లు కూడా పడ్డాయి. ఆ తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. మూడు నాలుగు మామూలువి అయ్యాక వెనక వరసలోంచి ఒకాయన లేచి, ఆరో స్లైడులో ఒక అంకె తప్పు పడిందన్నారు. నిజమే, తప్పే. నేను సర్దిచెప్పబోయాను, ఆయన మళ్లీ అడిగారు, నేను మళ్లీ ఏదో అన్నాను. ఇంతలో సభ నడిపిస్తున్నావిడ గడియారం చూసి, "సమయం అయిపోయింది, అందరికీ ధన్యవాదాలు" అనేశారు. బయటికొస్తున్న వాళ్ల నోట వినిపించింది ఒక్కటే మాట: ఆ అంకె. నేను నలభై నిమిషాలు చెప్పిన దాని గురించి ఎవరూ మాట్లాడుకోలేదు.

తప్పు అంకెలో ఉన్నంతగా ఏర్పాటులోనూ ఉంది. ప్రసంగం రాసుకోవడానికి వారం పట్టింది. ప్రశ్నలకు మాత్రం "చివర్లో ఓ పది నిమిషాలు" అని వదిలేశాను. ఆ పది నిమిషాలను కూడా ప్రసంగంలో భాగంగా కట్టుకోవడం ఎలాగో ఇక్కడ వరసగా చెబుతాను.

మాటలు గాల్లో తేలకుండా మొదటినుంచి చివరిదాకా ఒకే ఉదాహరణ పట్టుకుందాం. ఒక ఆసుపత్రిలో హెడ్ నర్సు ఉన్నారనుకోండి. షిఫ్టు మారేటప్పుడు జరిగే హ్యాండోవర్, అంటే రోగుల వివరాలను డ్యూటీ దిగే నర్సు డ్యూటీ ఎక్కే నర్సుకు అప్పగించడం, ఇన్నాళ్లూ నర్సుల గదిలో కూర్చుని చేసేవాళ్లు. దాన్ని రోగి మంచం దగ్గరే నిలబడి చేయాలని ఆవిడ ప్రతిపాదన. తన వార్డులో నాలుగు వారాలు చేసి చూశారు. ఇప్పుడు డాక్టర్లు, మిగతా వార్డుల నర్సులు, పరిపాలన సిబ్బంది కలిసి అరవై మంది ముందు మాట్లాడాలి. ఇచ్చిన సమయం 30 నిమిషాలు. ఇంకో రెండు వార్డుల్లో మూడు నెలలు చేయడానికి అనుమతి తెచ్చుకోవడం ఆవిడకు కావలసింది.

మొదటి పని: ప్రశ్నలను ముగింపుకు ముందుకు జరపండి

అలవాటుగా వచ్చే వరస ప్రసంగం, ముగింపు, ప్రశ్నలు. దాన్ని ప్రసంగం, ప్రశ్నలు, ముగింపు అని మార్చండి. ఈ గైడులో ఒక్కటే పాటించే ఓపిక ఉంటే ఇదే పాటించండి.

కారణం మనకు అనుభవంలో ఉన్నదే. వరసగా విన్న వాటిలో మొదటివీ చివరివీ గుర్తున్నంతగా మధ్యవి గుర్తుండవు. మాటల జాబితాలు వినిపించి వెంటనే తిరిగి చెప్పమన్న ప్రయోగాల్లో ఇది మళ్లీ మళ్లీ తేలింది. అలాంటప్పుడు అన్నిటికన్నా విలువైన చివరి నిమిషాన్ని, ఎవరు ఏం అడుగుతారో తెలియని మనిషి చేతిలో పెట్టడం దేనికి? చివరి ప్రశ్న అద్భుతంగా ఉండొచ్చు, ఏసీ గురించీ ఉండొచ్చు. అది మీ చేతిలో లేదు.

సమయాన్ని వెనకనుంచి లెక్కపెట్టండి. మన హెడ్ నర్సుకు ఉన్నవి 30 నిమిషాలు. ముందు వాళ్లు ఆలస్యం చేయడం, మైకు సరిచూసుకోవడం లాంటి వాటికి 2 నిమిషాలు పోనివ్వండి. ముగింపుకు 2 నిమిషాలు పక్కన పెట్టండి. ప్రశ్నలకు 9 నిమిషాలు. మిగిలిన 17 నిమిషాలే ప్రసంగం. చాలామంది ఇక్కడే బెంబేలెత్తుతారు, "పదిహేడేనా?" అని. అవును, అంతే. 26 నిమిషాల ప్రసంగం తయారు చేసుకుని ప్రశ్నలను నాలుగు నిమిషాల్లో ఇరికిస్తే, ముందు ప్రశ్నలు పోతాయి, ఆ వెంటే ముగింపూ పోతుంది.

తొమ్మిది నిమిషాల్లో ఎన్ని ప్రశ్నలు పడతాయో కూడా లెక్క వేసుకోండి. మైకు చేతులు మారడానికి పావు నిమిషం, అడగడానికి అర నిమిషం పైన, జవాబుకు నిమిషం. అంటే ప్రశ్నకు దాదాపు రెండు నిమిషాలు. నాలుగు ప్రశ్నలు, మహా అయితే ఐదు. ఈ లెక్క తెలిస్తే తయారీ ఎంత చేయాలో తెలుస్తుంది. యాభై ప్రశ్నలకు పైపైన జవాబులు అవసరం లేదు, ఆరింటికి గట్టిగా ఉంటే చాలు.

ఈ వరస అన్ని చోట్లా నప్పదు. పది పన్నెండు మంది కూర్చున్న గదిలో ప్రశ్నలను చివరిదాకా ఆపమంటే వాళ్లకు ఊపిరాడదు, ఎప్పటికప్పుడు అడగనివ్వాలి. ఒక మెట్టు అర్థమైతేగానీ తర్వాతి మెట్టు ఎక్కలేని శిక్షణ తరగతుల్లో ప్రతి భాగం చివరా రెండు నిమిషాలు ఆగాలి. కానీ ఆ రెండు సందర్భాల్లోనూ చివరి రెండు నిమిషాలు మాత్రం మీ దగ్గరే పెట్టుకోండి.

నిర్వాహకులకు ముందే చెప్పాలి, చెప్పకపోతే అంతే సంగతులు

ఈ ఏర్పాటును చెడగొట్టేది ఎక్కువసార్లు సభ నడిపేవాళ్లే. వాళ్ల తప్పేం లేదు. చివరి ప్రశ్న అయిపోగానే లేచి ధన్యవాదాలు చెప్పడం వాళ్ల అలవాటు. మీరు ముగింపు కోసం నోరు తెరిచేలోపు జనం కుర్చీలు జరుపుతుంటారు.

అందుకని సభకు ముందు వాళ్లతో రెండు ముక్కలు చెప్పండి: "ప్రశ్నలు అయ్యాక నేను రెండు నిమిషాలు మాట్లాడి ముగిస్తానండీ. నేను కూర్చున్నాక మీరు అందుకోండి. ఇరవయ్యారో నిమిషం దగ్గర నాకొక సైగ చేయండి." దీన్నే చిన్న కాగితం మీద రాసి వాళ్ల చేతిలో పెట్టడం ఇంకా మంచిది. ఆ హడావిడిలో నోటిమాట ఎవరికి గుర్తుంటుంది?

జనానికి కూడా మొదట్లోనే తెలియాలి. ప్రసంగం మొదలైన రెండు నిమిషాల్లోపే, "పదిహేడు పద్దెనిమిది నిమిషాలు మాట్లాడి ఆపుతాను, అప్పుడు మీ ప్రశ్నలు తీసుకుంటాను, ఆ తర్వాత ఒక్క మాట చెప్పి ముగిస్తాను" అనండి. ఎప్పుడు అడగాలో తెలిసిన మనిషి ప్రశ్నను మనసులో కట్టుకుంటూ వింటాడు.

స్లైడ్ల విషయంలో చిన్న సవరణ ఉంది. ప్రశ్నల సమయంలో తెర మీద "ధన్యవాదాలు" అని పెద్ద అక్షరాలు ఉండకూడదు. సభ అయిపోయిందని అది మీకన్నా ముందే చెప్పేస్తుంది. మీ మూడు ముఖ్యాంశాలున్న స్లైడు పెట్టండి. తొమ్మిది నిమిషాల పాటు అది జనం కళ్ల ముందే ఉంటుంది, ప్రశ్నలు కూడా దాని చుట్టూనే పుట్టే అవకాశం పెరుగుతుంది. ముగింపు స్లైడు దాని వెనక సిద్ధంగా ఉండాలి.

రెండో పని: ప్రశ్నలను మనుషుల పేరు మీద రాయండి

"ఏం అడుగుతారు?" అని విషయం వైపునుంచి ఆలోచిస్తే మీకు జవాబు తెలిసిన ప్రశ్నలే తడతాయి. మన మెదడు మనకు అనుకూలంగానే పనిచేస్తుంది మరి. దానికి బదులు గదిలో కూర్చునే మనుషులను ఒక్కొక్కరినీ ఊహించుకోండి. ఈ మార్పుతో వాళ్లకు పోయేదేమిటి, పెరిగే పనేమిటి, భయమేమిటి? వాళ్ల మాటల్లోనే, వాళ్లు అనే తీరులోనే కాగితం మీద రాయండి.

మన హెడ్ నర్సు రాసుకున్న కాగితం ఇలా ఉందనుకోండి. సీనియర్ డాక్టర్: "సిస్టర్, మంచం దగ్గర మాట్లాడితే పక్క బెడ్ వాళ్లు వింటారు కదా, రోగి గోప్యత సంగతేంటి?" నైట్ డ్యూటీ నర్సు: "మేడమ్, ఇప్పటికే ఇంటికెళ్లేసరికి ఆలస్యమవుతోంది, ఇంకా లేటవదా?" పరిపాలన అధికారి: "దీనికి అదనంగా సిబ్బంది కావాలా?" దేన్నీ తేలిగ్గా నమ్మని ఇంకో డాక్టర్: "ఒక్క వార్డు, నాలుగు వారాలు. అంత మాత్రానికే నిర్ణయమా?" ఐసీయూ నర్సు: "మా దగ్గర ఇదెలా కుదురుతుంది?"

ఇక ఆరోది, ఆవిడ రాయడానికి ఇష్టపడనిది: "ఆ నాలుగు వారాల్లోనే మీ వార్డులో ఒక రోగికి మందు రెండోసారి ఇచ్చారట, నిజమేనా?"

ప్రతి ప్రసంగానికీ అలాంటి ప్రశ్న ఒకటి ఉంటుంది. ఇది అడక్కపోతే బాగుండు అని మీకు ఏది అనిపిస్తుందో దాన్ని కాగితంలో అన్నిటికన్నా పైన రాయండి. నా ఆరో స్లైడు అంకె మీద నాకూ ముందు రోజే చిన్న అనుమానం ఉంది, రాసుకోలేదు.

రాసిన వాటిని ఒకసారి చదివితే చాలా ప్రశ్నలు ఒకే వేరునుంచి మొలిచినవని కనిపిస్తుంది. "లేటవుతుందా", "సిబ్బంది కావాలా", "రద్దీ రోజుల్లో ఎలా" అన్నవి మూడూ సమయం గురించే. అలా కలుపుకుంటూ పోతే ఇరవై ప్రశ్నలు ఐదారు వేర్లకు దిగుతాయి. జవాబులు వేర్లకు తయారు చేసుకోండి.

మూడో పని: వంతెన జవాబు కట్టడం

వంతెన జవాబు అంటే అడిగినదానికి సమాధానం చెప్పి, అక్కడినుంచి మీ ముఖ్యాంశం దగ్గరికి నడిపించే జవాబు. దీన్ని చాలామంది ప్రశ్న తప్పించుకునే విద్య అనుకుంటారు. రాజకీయ నాయకుల ఇంటర్వ్యూలు చూసీ చూసీ ఆ చెడ్డపేరు వచ్చింది. కానీ వంతెనకు రెండు గట్లూ ఉండాలి. మొదటి గట్టు మీద కాలు పెట్టకుండా గాల్లోంచి రెండో గట్టు మీదికి దూకడం వంతెన కాదు.

అందులో మూడు ముక్కలు ఉంటాయి. మొదటిది సూటి జవాబు, ఒకటి రెండు వాక్యాలు. అవును, కాదు, కొంతవరకు, తెలియదు, ఏదైనా సరే, మొదటి వాక్యంలోనే రావాలి. రెండోది లంకె, అంటే ఈ ప్రశ్నకూ మీ అంశానికీ నిజంగా ఉన్న సంబంధం చెప్పే ఒక్క వాక్యం. మూడోది ముఖ్యాంశం, వీలైతే చిన్న ఉదాహరణతో. మొత్తం కలిపి ముప్పావు నిమిషం నుంచి నిమిషం.

గోప్యత ప్రశ్నతో చేసి చూద్దాం. తయారీ లేకపోతే వచ్చే జవాబు దాదాపు ఇలా ఉంటుంది: "చాలా మంచి ప్రశ్న అడిగారు డాక్టర్‌గారూ. గోప్యతకు మేం ఎంతో ప్రాధాన్యం ఇస్తాం. అయితే మంచం దగ్గర హ్యాండోవర్ వల్ల ఎన్నో లాభాలు ఉన్నాయి..." ఇందులో జవాబు ఎక్కడుంది? డాక్టర్‌గారు కూర్చుంటారు, కానీ ఒప్పుకోరు. పైగా పక్కనున్నాయనతో "చెప్పలేదు చూశారా" అంటారు.

కట్టుకున్న జవాబు ఇదీ: "వింటారు డాక్టర్‌గారూ, ఆ ఇబ్బంది నిజమే. అందుకే పరీక్షల ఫలితాలు, కుటుంబానికి ఇంకా చెప్పని విషయాలు నర్సుల గదిలోనే ముందు చెప్పుకుంటాం. మంచం దగ్గర చెప్పేది కళ్లకు కనిపించేదే: ఏ డ్రిప్ ఎక్కుతోంది, ట్యూబ్ ఎలా ఉంది, నొప్పి ఎలా ఉంది. మంచం దాకా వెళ్లడం ఎందుకంటే ఇవి కాగితం మీద సరిగ్గా ఉండి మనిషి దగ్గర తేడాగా ఉండొచ్చు. రెండో వారంలో ఒక రోజు కేస్ షీట్‌లో డ్రిప్ ఎక్కుతోందని ఉంది, వెళ్లి చూస్తే ఆగిపోయి ఉంది. ఇద్దరు నర్సులూ అక్కడే ఉన్నారు కాబట్టి అప్పుడే సరిచేశారు."

మొదటి మాట "వింటారు". అభ్యంతరాన్ని ఒప్పుకున్నారు, దానికి చేసిన ఏర్పాటు చెప్పారు. "ఎందుకంటే" అన్న చోట లంకె పడింది. ఆ తర్వాత వచ్చినది ఆవిడ మొదటి ముఖ్యాంశమే, కానీ ప్రసంగంలో చెప్పని కొత్త ఉదాహరణతో. అందుకని ప్రసంగం రాసేటప్పుడు ఒకటి రెండు మంచి ఉదాహరణలు వాడకుండా అట్టేపెట్టుకోండి. ప్రశ్నల దగ్గర అవే పనికొస్తాయి. చెప్పిందే మళ్లీ చెబితే జనానికి తెలిసిపోతుంది.

లంకె వాక్యం కోసం అరువు మాటలు వెతక్కండి. "ఆ భయం వెనక ఉన్నది సమయం గురించిన లెక్క, అది చూద్దాం", "అది ఈ రోజు తేలేది కాదు, తేలాల్సింది ఇదీ", "మీరన్నదే మాకూ మొదట అనిపించింది, చేసి చూశాక మారినదేంటంటే" లాంటివి నోటికి సహజంగా తిరుగుతాయి. లంకె ఎంత వెతికినా దొరకకపోతే సంబంధం లేదని అర్థం. అప్పుడు సూటి జవాబుతో ఆపేయండి. ఐసీయూ నర్సుకు ఆవిడ చెప్పాల్సింది అంతే: "ఐసీయూలో మేం చేసి చూడలేదు సిస్టర్, నేను అడుగుతున్నది రెండు జనరల్ వార్డులకే." దాన్ని ముఖ్యాంశం దాకా సాగదీస్తే అతుకు కనిపిస్తుంది.

ఇంకో జవాబు చూడండి, ఇది నైట్ డ్యూటీ నర్సుకు: "మొదటి వారం లేటయింది. అంతకుముందు 36 నిమిషాలు పట్టేది 48 అయింది, మా వాళ్లు నన్ను తిట్టుకున్నారు కూడా. నాలుగో వారానికి 34కు దిగింది. దిగడానికి కారణం, గదిలో కూర్చుంటే కబుర్లు కలుస్తాయి, మంచం దగ్గర నిలబడితే పని మాటలే ఉంటాయి. అందుకే నేను నెల కాదు, మూడు నెలలు అడుగుతున్నాను, అలవాటయ్యే వారం అందులో కలిసిపోవాలని." ఇక్కడ చెడ్డ అంకె ముందు వచ్చింది. 48ని దాచి 34 మాత్రమే చెబితే, ఆ వార్డు నర్సు ఎవరైనా గదిలో ఉంటే కథ అక్కడే ముగుస్తుంది.

వంతెన వేయకూడని చోట్లు

2011లో టాడ్ రోజర్స్, మైకేల్ నార్టన్ అనే పరిశోధకులు ప్రశ్నలు తప్పించుకోవడం మీద చేసిన ప్రయోగాలు ప్రచురించారు. అడిగిన ప్రశ్నకు కాక దానికి దగ్గరగా ఉన్న ఇంకో ప్రశ్నకు సాఫీగా జవాబిస్తే, విన్నవాళ్లలో చాలామంది ఆ తేడా గమనించలేదు. ఇది చదివి సంబరపడకండి. అడిగిన ప్రశ్నను తెర మీద కనిపించేలా ఉంచితే తప్పించుకోవడాన్ని ఎక్కువమంది పట్టుకున్నారని కూడా అందులోనే తేలింది. మీ సభలో ప్రశ్న అడిగిన మనిషికి తన ప్రశ్న ఎప్పుడూ తెర మీదే ఉన్నట్టు లెక్క. ఆయన మర్చిపోడు. మన వృత్తి సభల్లో ఆయన రేపు కూడా అదే ఆఫీసులో కనిపిస్తాడు.

తయారుచేసుకున్న వాక్యాన్ని అక్షరం మార్చకుండా అప్పజెప్పడం ఎలా ఉంటుందో చూడాలంటే బ్రిటన్‌లో లేబర్ పార్టీ నాయకుడిగా ఉన్న ఎడ్ మిలిబాండ్ 2011 జూన్‌లో సమ్మెల గురించి ఇచ్చిన టీవీ ఇంటర్వ్యూ చూడండి. విలేఖరి ప్రశ్న మార్చి మార్చి అడుగుతుంటే ఆయన దాదాపు అవే వాక్యాలను తిప్పి తిప్పి చెప్పారు. ఒక్క ముక్క మాత్రమే వార్తల్లో వస్తుందన్న లెక్కతో ఇచ్చిన జవాబులవి. పూర్తి వీడియో బయటికి రావడంతో నవ్వులపాలైంది. అందుకే వంతెన జవాబును వాక్యాలుగా బట్టీ పట్టకండి. మూడు ముక్కలకూ మూడు గుర్తు మాటలు కార్డు మీద రాసుకుని, ప్రతిసారీ అప్పటి మాటల్లో చెప్పండి.

వంతెన అసలే వద్దనుకోవాల్సిన చోట్లు రెండు. ఒకటి, అవును-కాదు అని తేలే వాస్తవం. "అదనంగా సిబ్బంది కావాలా?" అంటే "ఈ మూడు నెలలకు అక్కర్లేదు." ఆగిపోండి. పరిపాలన అధికారికి కావలసింది ఆ ఒక్క ముక్కే. రెండోది, ఎవరికైనా హాని జరిగిన సంగతి. మందు రెండోసారి ఇచ్చారట కదా అన్న ప్రశ్న వస్తే జవాబు ఇలా ఉండాలి: "నిజమే. మూడో వారంలో జరిగింది. అదే రోజు రిపోర్ట్ చేశాం, రోగి క్షేమంగా ఉన్నారు. కారణం మీద విచారణ ఇంకా పూర్తి కాలేదు, పూర్తయ్యేదాకా దీనికీ హ్యాండోవర్‌కూ సంబంధం ఉందనీ లేదనీ నేను చెప్పను." ఇక్కడినుంచి తన ప్రతిపాదన లాభాల వైపు ఒక్క అడుగు వేసినా గదిలో గాలి మారిపోతుంది. కొంచెం నిశ్శబ్దం ఉండనివ్వండి, తర్వాతి ప్రశ్న తీసుకోండి.

తెలియనిదానికి "తెలియదు" అనడంతో పాటు ఎవరికి తెలుసో, ఎప్పటికి చెప్పగలరో చెప్పండి. "ఆ లెక్క నా దగ్గర లేదు, శుక్రవారానికి మీకు పంపుతాను" అని అందరి ముందూ అంటే, శుక్రవారానికి పంపాల్సిందే.

నాలుగో పని: మొదటి ప్రశ్న వచ్చేలా చేయడం

"ఏమైనా ప్రశ్నలున్నాయా?" అని అడుగుతాం. ఎవరూ చెయ్యెత్తరు. రెండు సెకన్లు చూసి "లేవా? సరే" అని ముందుకు పోతాం. మామూలు సంభాషణలో ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ మధ్య ఖాళీ సగటున సెకనులో ఐదో వంతు. 2009లో పది భాషల మీద చేసిన ఒక అధ్యయనంలో దాదాపు అంతే తేలింది. అందుకే స్టేజీ మీద రెండు సెకన్లు రెండు నిమిషాల్లా ఉంటాయి. కింద కూర్చున్నవాళ్లకు మాత్రం ప్రశ్నను వాక్యంగా పేర్చుకోవడానికి ఆ రెండు సెకన్లు చాలవు. మనసులో ఎనిమిది దాకా లెక్కపెట్టండి. నీళ్ల గ్లాసు అందుకుని ఒక గుక్క తాగితే ఆ టైము దానంతటదే గడుస్తుంది.

అడిగే తీరు కూడా మార్చండి. "ఏమైనా" అన్న మాటలోనే లేకపోయినా పర్వాలేదన్న అర్థం ఉంది. "మీ వార్డులో ఇది మొదలుపెడితే మొదటి రోజు ఎక్కడ ఆగిపోతుందనిపిస్తోంది?" అంటే చెయ్యెత్తడం తేలిక.

అప్పటికీ రాకపోతే మీరే అందుకోండి: "మా వార్డులో మొదట నన్నడిగింది, లేటవదా అని." ఆ జవాబు మీ దగ్గర ఎలాగూ సిద్ధంగా ఉంది. దాంతో మంచు కరిగి రెండో ప్రశ్న గదిలోంచి వస్తుంది. తెలిసినవాళ్లకు ప్రశ్న రాసిచ్చి అడిగించడం మాత్రం వద్దు. దొరికిపోతారు.

మొదట ఎవరికి అవకాశం ఇస్తున్నారన్నది కూడా ఆలోచించదగ్గదే. 2018లో పది దేశాల్లోని అకడమిక్ సెమినార్ల మీద వచ్చిన ఒక అధ్యయనంలో ఆడవాళ్లు మగవాళ్లకన్నా తక్కువ ప్రశ్నలు అడుగుతున్నారనీ, మొదటి ప్రశ్న మగవాళ్లు అడిగినప్పుడు ఆ తేడా ఇంకా పెరుగుతోందనీ తేలింది. అది సెమినార్ల సంగతి, అన్ని సభలకూ అలాగే వర్తిస్తుందనలేం. కానీ మన ఉదాహరణలో సీనియర్ డాక్టర్‌గారు మొదట లేస్తే జూనియర్ నర్సులు నోరు విప్పరని హెడ్ నర్సుకు వేరే చెప్పక్కర్లేదు. "ముందు నైట్ డ్యూటీ చేసేవాళ్ల దగ్గరినుంచి ఒక ప్రశ్న తీసుకుంటాను" అనేయొచ్చు.

ప్రశ్న వచ్చాక

పూర్తిగా విన్నాక ప్రశ్నను మైకులో ఒకసారి మళ్లీ చెప్పండి. వెనకవాళ్లకు వినపడుతుంది, మీకు ఆలోచించుకోవడానికి ఐదారు సెకన్లు దొరుకుతాయి. అయితే చెప్పేటప్పుడు మీకు అనుకూలంగా మార్చకండి. "గోప్యత దెబ్బతింటుంది కదా" అన్నదాన్ని "గోప్యత గురించి అడుగుతున్నారు" అని మెత్తగా చేస్తే అడిగినాయన అక్కడికక్కడే లేచి సరిదిద్దుతారు.

ఒకే గుక్కలో మూడు ప్రశ్నలు అడిగితే మొదటిదానికో ముఖ్యమైనదానికో జవాబిచ్చి, మిగతావి తర్వాత మాట్లాడుకుందామనండి. ప్రశ్న అడగకుండా ఉపన్యాసం ఇచ్చేవాళ్లు ప్రతి సభలోనూ ఒకరుంటారు. వాళ్లు ఊపిరి తీసుకునే చోట అందుకుని, "మీరన్నదాంట్లో నాకు పట్టుకోవాల్సింది సిబ్బంది సంగతి, దానికి చెబుతాను" అని జవాబిచ్చేయండి.

జవాబు మొదటి వాక్యం అడిగిన మనిషి వైపు చూసి చెప్పి, మిగతాది గది మొత్తానికి చెప్పండి. చివర్లో మళ్లీ ఆయన మొహం చూసి "సరిపోయిందా?" అంటే ఇంకో ప్రశ్న వస్తుంది. సమయం ఉంటే అనండి, లేకపోతే చూపు వేరే వైపు తిప్పండి.

ఐదో పని: మూసి, ముగించడం

ఇరవయ్యారో నిమిషం దగ్గర సైగ వచ్చింది. ఇప్పుడు "చివరి ప్రశ్న" అని ప్రకటించకండి. అలా అంటే ఆ ప్రశ్న ఎంత పనికిమాలినదైనా దానికి పెద్దపీట పడుతుంది. "ఇంకొకటో రెండో తీసుకోగలను" అనండి. వచ్చినది బాగుంటే దాంతో ఆపేయొచ్చు, బాగోలేకపోతే ఇంకొకటి తీసుకోవచ్చు. సమయం మించిపోతే ప్రశ్నలనే కోయండి, ముగింపును ముట్టుకోకండి.

ఆ రెండు నిమిషాల ముగింపును మాత్రం నోటికి వచ్చేదాకా సాధన చేయండి. మొదటి వాక్యంలో గదిలోంచి వచ్చిన ఒక ప్రశ్నను కలపడానికి ఖాళీ ఉంచుకోండి. మన హెడ్ నర్సు ముగింపు ఇలా ఉండొచ్చు: "డాక్టర్‌గారు గోప్యత గురించి అడిగారు, సిస్టర్ సమయం గురించి అడిగారు. ఈ రెండూ తేలాలంటే ఒక్క వార్డు చాలదు. అందుకే ఇంకో రెండు వార్డుల్లో మూడు నెలలకు అనుమతి అడుగుతున్నాను. ఆగిపోయిన డ్రిప్‌ను కాగితం చూపించలేదు, మంచం దగ్గర నిలబడ్డ మనిషి చూశారు." అని కూర్చోవాలి. ఆ తర్వాత ఇంకో చెయ్యి లేస్తే సభ అయ్యాక మాట్లాడతానని సైగ చేస్తే చాలు.

రిహార్సల్ ఎలా

ఆరు ప్రశ్నలనూ ఆరు కార్డుల మీద రాసి, ఒక స్నేహితుడి చేతికిచ్చి కలిపేయమనండి. ఏది ముందొస్తుందో మీకు తెలియకూడదు. అడిగేటప్పుడు రాసినట్టే కాకుండా కాస్త కోపంగానో, వంకరగానో అడగమనండి. ఫోన్‌లో రికార్డు చేయండి.

వినేటప్పుడు రెండే చూసుకోండి. ఒకటి, ప్రతి జవాబు మొదటి వాక్యం దగ్గర ఆపి, ఇది ప్రశ్నకు జవాబేనా అని అడగండి. "మంచి ప్రశ్న", "అంటే ఏంటంటే", "ముందుగా నేను చెప్పదలచుకున్నది" అని మొదలైతే కాదు. రెండోది, నిమిషం దాటిన జవాబు. దాటిందంటే దాదాపు ప్రతిసారీ మూడో ముక్క రెండుసార్లు చెప్పి ఉంటారు. రెండోసారి చెప్పినది కోసేయండి.

అనుకోని ప్రశ్న కూడా రావాలి కాబట్టి, ఆ స్నేహితుణ్నే ఏడో కార్డు మీకు చూపించకుండా సొంతంగా రాసుకోమనండి. నా దగ్గర ఇప్పుడు ఏడో కార్డు రాసేది మా అమ్మాయి. స్లైడ్లు ముందే తీసుకుని, అంకెలన్నీ కూడి చూసి మరీ వస్తుంది.